జమీందారు దప్పిక

మా చిన్నమ్మ ఇంట్లో ఆ పిల్లిని అందరం జమీందారు అనేవాళ్లం. చిన్నప్పుడే ఆపరేషన్ చేయించిన మగపిల్లి. పదేళ్లు వచ్చేసరికి ఏడున్నర కిలోలు తూగేది. గడప దాటేది కాదు, ఎలుకను కన్నెత్తి చూసేది కాదు. పొద్దున పెరుగన్నం, రాత్రి ప్యాకెట్ మేత, మిగతా పూటంతా సోఫా. పిల్లులకు షుగరు ఎక్కువగా ఇలాంటి వాటికే వస్తుంది: నడివయసు దాటిన, ఒళ్లు చేసిన, ఇల్లు కదలని మగపిల్లులకు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

పతనం నీళ్ల దగ్గర మొదలైంది. గిన్నె చాలక బాత్రూంలో బకెట్ అంచు మీద ముందుకాళ్లు ఆనించి తాగడం మొదలుపెట్టింది. "ఎండలు కదరా, తాగనీ" అంది చిన్నమ్మ. వానలు పడ్డాయి, దప్పిక తగ్గలేదు. ఇసుక ట్రే పూటకే తడిసి ముద్దయ్యేది. దాని చుట్టూ చీమలు బారులు తీరేవి. ఎక్కువ తాగుతోంది గనక ఎక్కువ పోస్తోందనుకున్నారు. నిజానికి అది తిరగేసి చూడాల్సిన మాట. రక్తంలో చక్కెర ఒక హద్దు దాటితే మూత్రపిండాలు దాన్ని ఆపలేవు. చక్కెర మూత్రంలోకి పోతూ ఒంట్లోని నీటిని వెంట లాక్కుపోతుంది. పోస్తోంది గనక తాగుతోంది.

పళ్లెం నాకేస్తూనే చిక్కిపోయింది. తూకం ఐదు కిలోలకు దిగింది. సోఫా ఎక్కే ముందు కాసేపు ఆగి చూసుకునేది. చివరికి వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి ఈడ్చుకుంటూ నడిచింది. షుగరు నరాలను తినేసిన గుర్తు అది. అప్పుడు గానీ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. కొలిచి చూస్తే రోజుకు అర లీటరు పైనే తాగుతోంది. ఆ తూకం పిల్లికి పావు లీటరు కూడా ఎక్కువే.

భయపడిన పిల్లికి ఆ భయంతోనే చక్కెర ఎగబాకుతుంది. అందుకే ఆ డాక్టరు ఒక్క పరీక్షతో తేల్చలేదు. గత ఒకటి రెండు వారాల సగటును చెప్పే ఫ్రక్టోజమిన్ కూడా చేయించాడు. ఆ తరవాతే ఇన్సులిన్ రాశాడు: గ్లార్జిన్, పూటకు ఒక యూనిట్, పన్నెండు గంటలకోసారి. కొన్ని వారాలు చూసి రెండుకు పెంచాడు.

అరవై దాటిన చిన్నమ్మ ఆ పని నేర్చుకున్న తీరు చూడాల్సింది. ఉదయం ఏడు, సాయంత్రం ఏడు. ముందు గిన్నెలో మేత పెట్టేది. అన్నం మానేసి చేప, కోడి మాంసం. అది తింటోందని చూశాకే ఫ్రిజ్‌ తలుపులోంచి సీసా తీసేది. పక్కటెముకల మీద చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా లేపి, ఆ మడత అడుగున సూది దించేది. జమీందారు గిన్నెలోంచి తల కూడా ఎత్తేవాడు కాదు. ఒక్కోసారి సూది అవతలికి దూసుకుపోయి బొచ్చు తడిసేది. అప్పుడు మళ్లీ పొడవకూడదు. ఎంత లోపలికి పోయిందో తెలియదు కాబట్టి ఆ పూటకు వదిలేయడమే. తినని పూట డాక్టరుకు ఫోన్ చేయకుండా సూది ముట్టేది కాదు. చెవి అంచున చుక్క రక్తం తీసి గ్లూకోమీటరులో చూసి క్యాలెండరు మీద రాసుకునేది. నెల తిరిగేసరికి జమీందారు బకెట్ జోలికి పోవడం మానేశాడు. మడమలు నేల విడిచాయి. షుగరు తొందరగా అదుపులోకి వస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే తీరిపోతుంది. మేమంతా ఆ రోజు కోసం చూశాం.

అంతలో సిరంజీలు అయిపోయాయి. మెడికల్ షాపులో "ఇన్సులిన్ సిరంజి" అంటే ఎర్ర మూతవి ఇచ్చారు. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా రెండు గాఢతల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. ఎర్ర మూత సిరంజి 40 దానికి. చిన్నమ్మ సీసా 100 ది. ఆ సిరంజిలో రెండో గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది రెండు కాదు, ఐదు యూనిట్లు. ఉదయం ఐదు, సాయంత్రం ఐదు. మధ్యాహ్నం ఆవురావురుమని తిని మత్తుగా పడుకుంటే, కోలుకుంటున్నాడనుకుంది.

అర్ధరాత్రి తూలుతూ లేచి గోడకు కొట్టుకున్నాడు. ఒళ్లంతా కొట్టుకుంది. చిన్నమ్మ చిగుళ్లకు తేనె రాసింది. సరైన పనే. లేచి రెండు ముద్దలు తిన్నాడు కూడా. కానీ తేనె కొద్దిసేపే నిలుస్తుంది, గ్లార్జిన్ గంటల తరబడి లాగుతూనే ఉంటుంది. తేనె రాస్తూనే ఆసుపత్రికి పరుగెత్తి గ్లూకోజు ఎక్కించాల్సిన స్థితి అది. ఆటో దొరికేసరికి తెల్లవారింది. జమీందారు దారిలోనే పోయాడు.

మీ ఇంట్లో పిల్లికి సూది వేస్తుంటే, ఇవాళే సీసా మీద అంకె, సిరంజి మీద అంకె పక్కపక్కన పెట్టి చదవండి. సీసా మీద 100 ఉంటే సిరంజి మీదా 100 ఉండాలి, దాని మూత నారింజ రంగులో ఉంటుంది.