ఛాయాచిత్రమున శిలాలిపి: ముఖలింగ శ్రీకూర్మ శాసనముల ననుసరించి కొన్ని గుర్తులు

శ్రీకాకుళ మండలమున ముఖలింగమందలి మధుకేశ్వరాలయ శిలలపైనను, శ్రీకూర్మమందలి కూర్మనాథాలయ స్తంభములపైనను గల శాసనము లనేకములు దక్షిణభారత శాసనముల యైదవ సంపుటమున ముద్రితములైనవి. వానిలో తెలుఁగు లిపియే విస్తారమైనను, నాగరియు నచ్చటచ్చట కానవచ్చును. కావున నీ ప్రాంతపు గుడిరాతి చిత్రము నెవరైనఁ దెచ్చి చూపినప్పుడు, నేను మొదటఁ జూచునది యక్షరము కాదు; అక్షరముయొక్క తల. నాగరియందుఁ దలపై నడ్డగీఁత యుండును. తెలుఁగున నక్షరమున కక్షరమునకు విడిగాఁ దలకట్టు నిలుచును. రేఫము వేఱొక సాక్షి: నాగరిలో నది పంక్తిపైకి లేచును, తెలుఁగున వలపలగిలకయై కుడిప్రక్కకు జాఱును.

అయితే యీ తలయే చిత్రమునఁ దఱచుగా మోసపుచ్చును. వెలుతురు ప్రక్కనుండి పడిన, దానికి సమాంతరమైన యడ్డగీఁతలో నీడ నిలువదు. నిలువుగీఁతలు మాత్రమే చీఁకటిగాఁ దోఁచును. తల పోయిన నాగరిని తెలుఁగని భ్రమించుట యిట్లే సంభవించును. అందుచేత నదే రాతిని పైనుండి వాలు వెలుతురు పడునట్లు మరలఁ దీసిన రెండవ చిత్రము లేనిదే నేను నిర్ణయము చెప్పను. సున్నము పూసిన రాళ్లలోనైన, నీ రెండవ చిత్రముకూడ నిష్ఫలమే, గీఁతలు పూడిపోవును గనుక. అప్పుడు సున్నము తీసి, తడికాగితము నద్ది మసితో నచ్చు తీయుటయే శరణ్యము.

లిపి తేలినను భాష తేలినట్లు కాదు. శ్రీకూర్మమున సంస్కృత శ్లోకముతో నారంభమై, తెలుఁగు వచనముతో ముగియు శాసనములు గలవు. పైభాగము మాత్రమే చిత్రమునఁ బడినచో వానిని సంస్కృత శాసనములనియే తలఁతుము. శాసనస్వభావమును జెప్పు మాటలు తఱచుగాఁ గ్రింది వచనమున నుండును: అఖండదీపము, గండమాడలు, గోవులు, సంక్రాంతి, ఆచంద్రార్కము, చివర శ్రీవైష్ణవ రక్ష. వీనిలో దీపమును, మాడలును స్పష్టముగాఁ గనఁబడిన నది దీపదాన మనుట కంతగా సందేహింప నక్కఱలేదు. కాని శకము 1203 నాఁటి నరహరితీర్థుల శాసనమువలె ప్రతిష్ఠను దెలుపునవియు నచ్చటఁ గలవు. కావున దేవాలయమున నున్నంతమాత్రమున దీపదాన మనఁజనదు.

కాలనిర్ణయమున నే నింకను జంకుదును. చోడగంగదేవుని శాసన మొకదానిలో శకాంకె 1034 యో 1054 యో తెలియనట్లు పదుల స్థానము రాఁచుకొనిపోయిన దనుకొందము. ఆతని పట్టాభిషేకము శకము 999 న జరిగినది గనుక, మొదటిది ముప్పదియాఱవ రాజ్యవర్షమునకును, రెండవది యేఁబదియాఱవ రాజ్యవర్షమునకును దగ్గఱగా నుండవలెను. రాజ్యసంఖ్య మాటలలోఁ జెక్కఁబడియున్నచో, చెడిన యంకె దానితో నిలుచును, లేక తొలఁగును. అదియు స్తంభముయొక్క రెండవ ముఖమునఁ బడియుండిన, నా ముఖమును దీసిన చిత్రము వచ్చువఱకు తేదీస్థానమును ఖాళీగా విడిచెదను.