లక్ష్య వ్యయం, జీవితచక్ర వ్యయం: పటాన్‌చెరు మందుల పరిశ్రమలో ఆచరణ

సరుకు తయారయ్యాక ఖర్చు లెక్కగట్టి, దానిమీద లాభం వేసుకుని ధర చెప్పడం పాత పద్ధతి. బజారులో ఏ ధర చెల్లుతుందో ముందే తెలుసుకుని, అందులోంచి కావలసిన లాభం తీసేసి, మిగిలిన మొత్తంలోనే తయారయ్యేలా సరుకును రూపొందించడం లక్ష్య వ్యయ నిర్ధారణ, అంటే టార్గెట్ కాస్టింగ్. పరిశోధన మొదలైన రోజు నుంచి ఉత్పత్తి ఆగిపోయి, మిగిలిన వ్యర్థాలను వదిలించుకునే రోజు దాకా ఆ సరుకు మీద పడే ఖర్చంతటినీ ఒకేచోట చూడటం జీవితచక్ర వ్యయ నిర్ధారణ, అంటే లైఫ్ సైకిల్ కాస్టింగ్. మొదటిది కంపెనీకి హద్దు గీస్తుంది. ఆ హద్దులో ఉన్నామనుకుంటూ ఖర్చును మరో ఏడాదికో మరొకరి నెత్తికో నెట్టామా అన్నది రెండోది చెబుతుంది. సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం పారిశ్రామిక ప్రాంతాల్లోని బల్క్ డ్రగ్ పరిశ్రమలో ఈ రెంటి సంబంధం స్పష్టంగా కనిపిస్తుంది.

నేపథ్యం

లక్ష్య వ్యయ పద్ధతి 1960ల్లో జపాన్‌లో, ముఖ్యంగా టొయోటా కార్ల తయారీలో రూపుదిద్దుకుంది. జీవితచక్ర వ్యయానికి అదే దశకంలో అమెరికా రక్షణ శాఖ కొనుగోళ్లు ఊతమిచ్చాయి. పరికరం కొన్న ధర కన్నా దాన్ని ఏళ్ల తరబడి నడిపి, బాగుచేయించుకునే ఖర్చే ఎక్కువని ఆ శాఖ గుర్తించింది.

హైదరాబాద్ చుట్టూ మందుల పరిశ్రమ వేళ్లూనుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్. రెండోది, 1970 పేటెంట్ల చట్టం. మందు అణువుకు కాకుండా దాని తయారీ పద్ధతికి మాత్రమే ఆ చట్టం పేటెంటు ఇచ్చింది. దాంతో అదే మందును వేరే రసాయన మార్గంలో, తక్కువ ఖర్చుతో చేయగలిగినవాళ్లే పోటీలో నిలిచారు. ఇక్కడి రసాయన శాస్త్రజ్ఞుల నైపుణ్యమంతా ఈ మార్గాలను వెతకడంలోనే పదునెక్కింది.

ధర విషయంలో ప్రభుత్వ లెక్క కూడా మారింది. 1995 ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ముడిసరుకు, తయారీ, ప్యాకింగ్ ఖర్చులు కూడి, వాటి మీద గరిష్ఠంగా 100 శాతం దాకా అదనం వేసి ధర కట్టేవారు. ఖర్చు ముందు, ధర తర్వాత. 2013 ఉత్తర్వు దీన్ని తిరగేసింది. ఒక మందుకు మార్కెట్లో 1 శాతం గానీ అంతకు మించి గానీ వాటా ఉన్న బ్రాండ్లన్నిటి ధరల సగటు తీసి, దానికి దుకాణదారు కోసం 16 శాతం కలిపితే గరిష్ఠ ధర వస్తుంది. అందులో కంపెనీ ఖర్చు ప్రస్తావనే లేదు. అత్యవసర మందుల జాబితాలోని మందు చేసేవారికి అప్పటినుంచి లక్ష్య వ్యయం తప్పనిసరి లెక్కయింది.

లెక్క ఎలా సాగుతుంది

కింది అంకెలు పద్ధతిని వివరించడానికి ఊహించినవి. 500 మిల్లీగ్రాముల మాత్రలు పది ఉన్న స్ట్రిప్పుకు గరిష్ఠ ధర ₹23.20 అనుకుందాం. జీఎస్టీ దీనికి అదనం. దుకాణదారు 16 శాతం తీసేస్తే అతని కొనుగోలు ధర ₹20. స్టాకిస్టుకు వాడుకగా ఇచ్చే 8 శాతం, అంటే ₹1.60 పోతే కంపెనీ చేతికొచ్చేది ₹18.40. అందులో 15 శాతం లాభం కావాలంటే ₹2.76 పక్కన పెట్టాలి. అమ్మకాలు, రవాణా, ఆఫీసు, వడ్డీలకు ₹4.64 పోతుంది. మిగిలిన ₹11లోనే స్ట్రిప్పు తయారవ్వాలి. ఇదే లక్ష్య తయారీ వ్యయం.

ఇప్పుడున్న డిజైన్ ప్రకారం అంచనా వేస్తే స్ట్రిప్పుకు ₹12.60 అవుతోంది. తేడా ₹1.60. దీన్ని అన్ని విభాగాలకూ సమానంగా పంచరు. ఎక్కడ తగ్గించడానికి వీలుందో చూసి, భాగాలవారీగా లక్ష్యాలు కేటాయిస్తారు.

| భాగం | ప్రస్తుత అంచనా (₹) | లక్ష్యం (₹) |
|---|---|---|
| మందు పదార్థం (ఏపీఐ), 5 గ్రాములు | 6.80 | 5.70 |
| పిండి, జిగురు వంటి ఇతర పదార్థాలు | 1.20 | 1.20 |
| ప్యాకింగ్ | 2.20 | 1.90 |
| మాత్రల తయారీ ఖర్చు | 2.40 | 2.20 |
| మొత్తం | 12.60 | 11.00 |

ప్యాకింగ్‌లో మాత్రల మధ్య ఖాళీ తగ్గిస్తే ఫాయిల్ తక్కువ పడుతుంది. పొడిని తడిపి, ఆరబెట్టి, రవ్వగా చేసే దశను తీసేసి నేరుగా మాత్ర ఒత్తగలిగితే కరెంటు, కూలీ, సమయం మిగులుతాయి. అయితే పెద్ద భారం ఏపీఐ మీదే ఉంది. దాని ధర కిలోకు ₹1,360 నుంచి ₹1,140కి దిగాలి.

ఆ ₹220 ఎక్కడ దొరుకుతుంది? మూడు స్టేజీల ప్రక్రియలో ఒక్కో స్టేజిలో 85 శాతం ఈల్డ్ వస్తుంటే, చివరికి చేతికందేది 61 శాతమే. ప్రతి స్టేజినీ 90 శాతానికి చేరిస్తే అది 73 శాతం అవుతుంది. కిలో మందుకు మొదటి స్టేజిలో ₹765 విలువైన ముడిసరుకు పోస్తున్న చోట, ఇక దాదాపు ₹120 తక్కువ సరిపోతుంది. రెండో చోటు సాల్వెంట్. కిలోకు 12 లీటర్లు వాడుతూ 80 శాతం తిరిగి పట్టుకుంటే 2.4 లీటర్లు పోతున్నట్టు. రికవరీని 92 శాతానికి పెంచితే ఒక లీటరు కూడా పోదు. లీటరు ₹80 అయితే ₹115 మిగులుతుంది. అదనపు ఆవిరికి ₹15 పోయినా ₹100 చేతిలో ఉంటుంది. రెండూ కలిస్తే ₹220.

ఇదంతా డిజైన్ దశలోనే జరగాలి. మందు రిజిస్టరై, కొనుగోలుదారులు దాని పత్రాలను ఆమోదించాక తయారీ మార్గం మారిస్తే వాలిడేషన్ బ్యాచ్‌లు మళ్లీ తీయాలి. 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలపాటు నిలకడ పరీక్షలు చేయాలి. కొన్న ప్రతి కంపెనీకీ మార్పు తెలియజేయాలి. అప్పటికి ఖర్చులో ఎక్కువ భాగం ముందే ఖాయమైపోయి ఉంటుంది.

మరో మార్గం: తక్కువగా కనిపించే ఖర్చు

అదే మందుకు అభివృద్ధి విభాగం మరో మార్గం కూడా చూపించిందనుకుందాం. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, ఫ్యాక్టరీ లెక్కలో కిలో ₹1,110కే వస్తుంది. లక్ష్యం కన్నా ₹30 తక్కువ. కానీ కిలోకు 25 లీటర్ల ఉప్పునీటి వ్యర్థం అదనంగా వస్తుంది. ఆ నీటిని స్ట్రిప్పర్‌లో సాల్వెంటు విడదీసి, మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపొరేటర్‌లో మరిగించి, డ్రయర్‌లో ఎండబెట్టి, మిగిలిన ఉప్పును ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. లీటరుకు ₹4 అనుకుంటే కిలోకు ₹100. అసలు ఖర్చు ₹1,210.

చాలా ఫ్యాక్టరీల్లో వ్యర్థజలాల శుద్ధి ఖర్చును మొత్తం ఓవర్‌హెడ్ ఖాతాలో వేసి, తయారైన కిలోల లెక్కన అన్ని మందులకూ పంచుతారు. అప్పుడు మురికి ఎక్కువ చేసే మందు చౌకగానూ, శుభ్రంగా తయారయ్యే మందు ఖరీదుగానూ కనిపిస్తాయి. ఏ బ్యాచ్ నుంచి ఎన్ని లీటర్లు, ఎంత లవణ శాతంతో వచ్చాయో విడిగా రాసి, ఆ ఖర్చును ఆ మందుకే కట్టినప్పుడు మాత్రమే ఈ తేడా బయటపడుతుంది.

మొదటి మార్గానికి రికవరీ యంత్రాలు, ప్రక్రియ అభివృద్ధి కోసం ముందే ₹2.4 కోట్లు పెట్టాలనుకుందాం. ఏడాదికి 100 టన్నులు చేస్తే, కిలోకు ₹70 తేడాతో ఏటా ₹70 లక్షలు మిగులుతాయి. రేపటి రూపాయి నేటి రూపాయికి సమానం కాదు గనుక 12 శాతం వడ్డీతో నేటి విలువకు తెస్తే, 8 ఏళ్ల మిగులు సుమారు ₹3.48 కోట్లు. పెట్టుబడికి మించిన లాభమే. అదే మందుకు గిరాకీ 4 ఏళ్లకే పడిపోతే మిగులు ₹2.13 కోట్లు, పెట్టుబడే తిరిగి రాదు. కాబట్టి అన్నిటికన్నా జాగ్రత్తగా అంచనా వేయాల్సింది మందు ఎన్నేళ్లు అమ్ముడుపోతుందన్నదే.

లెక్కలో రాని ఖర్చు

పటాన్‌చెరు ప్రాంతంలో తొలి దశాబ్దాల్లో వ్యర్థాల ఖర్చు ఏ మందు ధరలోనూ పూర్తిగా చేరలేదు. అది నక్కవాగు పరీవాహక గ్రామాల బావుల్లోకి, పొలాల్లోకి చేరింది. దీనిపై 1990లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. నష్టపోయిన రైతులకు కోర్టు ఆదేశాల మేరకు పరిహారం అందింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం, పటాన్‌చెరు ఎన్విరోటెక్ లిమిటెడ్, పని మొదలుపెట్టింది.

శుద్ధి కేంద్రం వచ్చాక కూడా సమస్య తీరలేదు. సుమారు 90 బల్క్ డ్రగ్ యూనిట్ల వ్యర్థాలు చేరే ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రచురించారు. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. రోజుకు పోతున్నది 45 కిలోల మేర ఉంటుందని వారి అంచనా. ఆ నీటిలో పెరిగే బాక్టీరియా యాంటీబయాటిక్‌లను తట్టుకునేలా మారడం ప్రజారోగ్యానికి నష్టం. వ్యయ లెక్క చూసేవారికి ఇందులో ఇంకో విషయం ఉంది. ఆ నీటిలో పోయింది అమ్ముకోవాల్సిన మందే. ముడిసరుకు, సాల్వెంటు, కూలీ అన్నీ ఖర్చుపెట్టి తయారుచేసిన సరుకు కాలువలో కలిసింది. వ్యర్థజలంలో మందు ఎంత ఉందో కొలవడం, ఈల్డ్ ఎక్కడ పోతోందో పట్టుకోవడం ఒకే పని.

పరిమితులు

లక్ష్యం బిగించేకొద్దీ నాణ్యతకు ముప్పు పెరుగుతుంది. 2018లో చైనాకు చెందిన జేజియాంగ్ హువాహాయ్ కంపెనీ రక్తపోటు మందు వల్సార్టన్‌లో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్‌కు దారితీయగల మలినం బయటపడింది. తయారీ మార్గంలో అంతకుముందు చేసిన మార్పే దానికి కారణం. ఎన్నో దేశాల్లో మందును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందుకే సాల్వెంటు గానీ రసాయనం గానీ మార్చినప్పుడు మిగులు ఎంతో చూసి ఊరుకోకుండా, కొత్తగా ఏ మలినాలు పుట్టవచ్చో పరిశీలించే ఖర్చును కూడా ఆ మార్పు ఖాతాలోనే రాయాలి.

అన్ని లక్ష్యాలూ అందుకోదగినవి కావు. ముడిసరుకు ధర ఒక్కసారిగా పెరిగితే గరిష్ఠ ధర దాని వెంట పెరగదు. టోకు ధరల సూచీని బట్టి ఏడాదికోసారే సవరిస్తారు. ఎన్ని మార్గాలు వెతికినా తేడా పూడకపోతే, శుద్ధి ఖర్చు దాచి లక్ష్యం అందిందని చూపడం కన్నా ఆ మందును చేపట్టకపోవడమే పద్ధతికి కట్టుబడటం. ఈ కారణంగానే కొన్ని చౌక మందుల తయారీ ఆగిపోతుంది. ప్రజలకు తప్పనిసరిగా అవసరమైన మందు విషయంలో ధరల ప్రాధికార సంస్థ ప్రత్యేక అధికారంతో గరిష్ఠ ధరను పెంచేందుకు 2013 ఉత్తర్వులోనే వీలుంది. 2019లోనూ ఆ తర్వాతా కొన్ని పాత మందుల ధరలను అలా 50 శాతం పెంచింది.