యంత్ర మార్పిడి: పన్ను అనంతర అదనపు నగదు ప్రవాహాలు

పాత యంత్రాన్ని మార్చడం వల్ల మాత్రమే కలిగే నగదు తేడాలను, పన్ను పోగా లెక్కించినప్పుడు వచ్చే మొత్తాలివి.

ఉదాహరణకు కొత్త యంత్రం ధర రూ.10 లక్షలు, పన్ను 30 శాతం అనుకుందాం. పాతదాని పుస్తక విలువ 2 లక్షలు. రెండింటికీ 5 ఏళ్ల ఆయుష్షు ఉంది, ఏటా సమాన తరుగుదల. పాతదాన్ని 1.5 లక్షలకు అమ్మితే, 50 వేల నష్టంపై 15 వేల పన్ను తగ్గుతుంది. నికర పెట్టుబడి 8.35 లక్షలు.

ఏటా ఖర్చుల్లో ఆదా అయ్యే 2.5 లక్షల్లో పన్ను పోగా 1.75 లక్షలు మిగులుతాయి. కొత్తదాని ఏటా 2 లక్షల తరుగుదలలోంచి పాత యంత్రపు 40 వేలు తీసేస్తే అదనపు తరుగుదల 1.6 లక్షలు, దానివల్ల మిగిలే పన్ను 48 వేలు. మొత్తం 2.23 లక్షలు. పూర్తి 2 లక్షల తరుగుదల తీసుకోవడం తరచూ జరిగే పొరపాటు.

చివర్లో కొత్తది లక్షకు అమ్ముడైతే, పుస్తక విలువ సున్నా కనుక పన్ను పోగా 70 వేలు వస్తాయి.