వేసవి శిబిరం: ప్రకటనలోని నాలుగు పంక్తులు ఎక్కడివి?

ఏప్రిల్ వచ్చిందంటే అపార్ట్‌మెంటు గేట్ల మీద, వాట్సాప్ గ్రూపుల్లో, పేపరు మధ్యలో పెట్టి పంపే రంగు కాగితాల్లో ఒకే తరహా ప్రకటన కనిపిస్తుంది. పైన ఆడుకుంటున్న పిల్లల బొమ్మ, కింద నాలుగు పంక్తులు. ఏ వయసు పిల్లలకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, పేరు ఎక్కడ నమోదు చేసుకోవాలి, భద్రత కోసం ఏమేం చేశారు. ఈ నాలుగూ ఒకేసారి పుట్టలేదు. భద్రత పంక్తి అన్నింటికన్నా ఆలస్యంగా వచ్చింది, అదీ పిల్లల ప్రాణాలు పోయాకే వచ్చింది.

మొట్టమొదటి శిబిరానికి అసలు ప్రకటనే అక్కర్లేకపోయింది. 1861లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు, ఆయన భార్య అబిగేల్ తమ బడి మొత్తాన్ని వెంటబెట్టుకుని దాదాపు 40 మైళ్లు నడిచి సముద్రతీరానికి వెళ్లారు. అంతర్యుద్ధం అప్పుడే మొదలైంది. సైనికుల్లా గుడారాల్లో పడుకోవాలని కుర్రాళ్ల ఉబలాటం. రెండు వారాల పాటు పడవలు నడిపారు, చేపలు పట్టారు. పిల్లలందరూ పంతులుగారికి తెలిసినవాళ్లే కాబట్టి నమోదు లేదు, వయసు అడిగే పని లేదు.

తేదీలు, రుసుము అనేవి ముక్కూమొహం తెలియని పిల్లల్ని చేర్చుకోవడం మొదలయ్యాకే వచ్చాయి. 1876లో పెన్సిల్వేనియాలో జోసెఫ్ రాత్రాక్ అనే వైద్యుడు బలహీనంగా ఉన్న అబ్బాయిల కోసం కొండల్లో నాలుగు నెలల శిబిరం పెట్టాడు. వచ్చిన రుసుము ఖర్చుకు సరిపోలేదు. మరో అయిదేళ్లకు ఎర్నెస్ట్ బాల్చ్ అనే యువకుడు న్యూ హాంప్‌షైర్‌లోని ఒక సరస్సు మధ్య ద్వీపంలో చొకోరువా శిబిరం మొదలుపెట్టాడు. సంపన్నుల పిల్లలు వేసవంతా హోటళ్లలో ఏ పనీ లేకుండా కాలం వెళ్లబుచ్చడం చూసి అతనికి ఈ ఆలోచన కలిగింది. అక్కడ నౌకర్లు లేరు. వంట, అంట్లు, పడవల మరమ్మతు అన్నీ పిల్లలవే. ఆ శిబిరం 1889లో మూతపడినా, బడి సెలవులకూ శిబిరానికీ మధ్య అది వేసిన ముడి మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

తల్లిదండ్రులకు ముందుగా అన్నీ చెప్పి పిల్లల్ని పిలిచిన శిబిరాల్లో చెప్పుకోదగ్గది ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ ద్వీపంలో జరిగింది. స్కౌట్ ఉద్యమానికి నాంది అదే. 1907 ఆగస్టు మొదటి వారంలో జరిగిన ఆ శిబిరం కోసం బేడెన్ పవెల్ ముందే తల్లిదండ్రులకు ఉత్తరాలు రాశాడు. ఏం నేర్పుతారో, తిండి, పారిశుధ్యం ఎలా చూసుకుంటారో అందులో ఉంది. రుసుము రెండు రకాలు. పేరున్న ప్రైవేటు బడుల పిల్లలకు ఒక పౌండు, ఊళ్లోని శ్రామిక కుటుంబాల పిల్లలకు 3 షిల్లింగుల 6 పెన్నీలు. అంటే దాదాపు ఆరో వంతు. రెండు వర్గాల పిల్లల్నీ ఒకే గుడారంలో ఉంచాలన్నది ఆయన ఉద్దేశం, దానికి తగ్గట్టే రుసుము పెట్టాడు.

వయసుల విషయంలో బ్రౌన్‌సీ పద్ధతి ఇప్పటిదానికి పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. ఇరవై మందికి పైగా పిల్లల్ని నాలుగు దళాలు చేసి, పెద్దా చిన్నా కలిపి, ప్రతి దళానికీ ఒక పెద్ద కుర్రాణ్ణి నాయకుడిగా పెట్టారు. చిన్నవాణ్ణి చూసుకునే బాధ్యత పెద్దవాడిది. ఆ తర్వాత అన్నల వెంట మరీ చిన్న తమ్ముళ్లు కూడా ఎగబడటంతో ఈ ఏర్పాటు చాల్లేదు. 1916లో చిన్నపిల్లలకని ‘వుల్ఫ్ కబ్స్’ విభాగం విడిగా వచ్చింది. మన బడుల్లోని కబ్‌లు ఆ వరసలోవారే. ఎనిమిదేళ్లవాడికి పదిహేనేళ్లవాడి నడక, ఈత, నిద్ర సరిపోవని అనుభవం చెప్పింది. ప్రకటనలో ‘6–8’, ‘9–12’ అని గీతలు గీసే అలవాటుకు మూలం ఈ అనుభవమే.

ఇక భద్రత. తొలి శిబిరాల్లో దాదాపు అన్నీ సరస్సు ఒడ్డునో సముద్రం పక్కనో ఉండేవి కాబట్టి పెద్ద భయం నీళ్లే. 1914లో రెడ్‌క్రాస్ తరఫున విల్బర్ట్ లాంగ్‌ఫెలో ప్రాణరక్షక దళాలు నెలకొల్పాక ఈతగాళ్లకు శిక్షణ ఊపందుకుంది. శిబిరాల్లో బాగా వేళ్లూనుకున్నది ‘బడ్డీ’ పద్ధతి. ఒకే స్థాయిలో ఈదగల ఇద్దర్ని జత చేస్తారు. ప్రతి పిల్లవాడికీ పేరు రాసిన బిళ్ల ఉంటుంది. నీళ్లలో దిగేముందు జంట బిళ్లలు రెండూ బోర్డుకు పక్కపక్కన తగిలించాలి, పైకి వచ్చాక తీసేయాలి. సుమారు పది నిమిషాలకోసారి విజిల్ మోగుతుంది. ఎక్కడివాళ్లక్కడే జతగాడి చేయి పట్టుకుని పైకెత్తాలి. ఒడ్డున ఉన్నవాళ్లు జంటల్ని లెక్కపెట్టి బోర్డుతో సరిచూస్తారు. ఒకరు బయటికి వెళ్తే రెండోవాడూ వెళ్లాల్సిందే.

ఇది ఎక్కడ తప్పుతుందో శిబిరాలు నడిపేవాళ్లకు బాగా తెలుసు. పిల్లవాడు బిళ్ల తీయకుండానే బట్టలు మార్చుకోవడానికి వెళ్లిపోతాడు. అప్పుడు బోర్డు మీద ఒకరు ఎక్కువ, నీళ్లలో ఒకరు తక్కువ. ‘గదిలోనే ఉండి ఉంటాడులే’ అని ఊరుకోకూడదు, నీళ్లలో ఉన్నాడనే అనుకుని అందర్నీ బయటికి రప్పించి వెతకాలి. అంతకన్నా పెద్ద పరిమితి ఇంకొకటుంది. మునుగుతున్న బిడ్డ సాధారణంగా అరవలేడు. ఊపిరికే సతమతమవుతుంటే కేక ఎక్కడి నుంచి వస్తుంది? నిమిషం లోపే నిశ్శబ్దంగా మునిగిపోవచ్చు. పది నిమిషాల లెక్క ఒక్కటే అతన్ని కాపాడలేదు. ఆ మధ్య సమయంలో జతగాడి కన్ను, ఒడ్డున ఇంకే పనీ పెట్టుకోకుండా చూస్తున్న మనిషి కన్ను, ఈ రెండే కాపాడాలి.

మంచి పద్ధతులు ఉన్నంత మాత్రాన అందరూ పాటించరు. 1965లో మెయిన్ రాష్ట్రంలోని పెనాబ్‌స్కాట్ నదిలో ఒక శిబిరం పడవ ప్రయాణంలో కొడుకును పోగొట్టుకున్న మిచ్ కుర్మన్ అనే తండ్రి, శిబిరాలకు లైసెన్సులు, తనిఖీలు ఉండాలని ఏళ్ల తరబడి చట్టసభల చుట్టూ తిరిగాడు. కనెక్టికట్ వంటి రాష్ట్రాలు చట్టాలు చేశాయి. దేశమంతటికీ ఒకే చట్టం మాత్రం రాలేదు. 2025 జులై 4న టెక్సస్‌లో గ్వాడలూప్ నది వరద ఒక బాలికల శిబిరం మీద పడి 27 మంది బాలికలు, కౌన్సెలర్ల ప్రాణాలు తీసింది. రెండు నెలల తర్వాత ఆ రాష్ట్రం వరద ముంపు ప్రాంతంలో పిల్లల బసలు ఉండకూడదని, అత్యవసర ప్రణాళిక తప్పనిసరి అని చట్టం చేసింది.

మన దగ్గరికి వచ్చేసరికి ప్రమాదం మారింది. అమెరికా పిల్లలు చల్లని సరస్సుల వైపు వెళ్లే కాలం, తెలుగునాట బయట తిరగలేని కాలం. ఏప్రిల్ చివర మూసిన బడులు జూన్ 12న తెరుచుకుంటాయి. ఈ మధ్యలోనే శిబిరాలు జరగాలి. హైదరాబాద్ నగరపాలక సంస్థ ఆటల శిబిరాలు 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు నామమాత్రపు రుసుముతో, ఏప్రిల్ చివరి వారం నుంచి మే 31 దాకా నడుస్తాయి. ఎండ ముదరకముందే, పొద్దున్నే మైదానం ఖాళీ చేయిస్తారు. ఇక్కడ వేళల పంక్తి కూడా భద్రత పంక్తే. పదకొండు గంటలకు క్రికెట్ అని రాసిన కాగితాన్ని పక్కన పెట్టేయడమే మేలు.

ప్రకటనలో మనకు సాధారణంగా కనిపించని అంకె ఒకటుంది: ఎంతమంది పిల్లలకు ఒక పెద్ద. పగటి శిబిరాలకు అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ పెట్టిన కొలత 6–8 ఏళ్లవాళ్లు ఎనిమిది మందికి ఒకరు, 9–14 ఏళ్లవాళ్లు పది మందికి ఒకరు. రాత్రి బస ఉంటే అవి ఆరు, ఎనిమిది అవుతాయి. కరపత్రం మీద ఆ అంకె లేకపోతే నమోదు ఫారం నింపేటప్పుడే అడగవచ్చు. ఈత ఉంటే ఇంకో రెండు ప్రశ్నలు: నీళ్లలో ఉన్నవాళ్లను ఎంతసేపటికోసారి లెక్కపెడతారు, ఒడ్డున చూసే మనిషికి అదే సమయంలో ఈత నేర్పే పని కూడా అప్పగించారా?