క్షమ, క్షమాపణ (దక్షిణ తెలంగాణమున)

అపరాధము చేసినవాడు తన దోషమును తానే పేర్కొని, దానివలన నొచ్చినవాని యెదుట నిలిచి మన్నింపుమని వేడుకొనుట క్షమాపణ. నొచ్చినవాడు తనకు న్యాయముగా కలిగిన కోపమును తన యిచ్ఛచేత విడిచిపెట్టుట క్షమ. దండించు నధికారము గల ప్రభువో ప్రభుత్వమో ఆ దండనమును తగ్గించుట క్షమాభిక్ష. ఈ మూడింటిని లోకము తరచు ఒక్కటిగా భావించును గాని, నల్లగొండ, మహబూబునగరము జిల్లాల ఇరువదవ శతాబ్ది చరిత్ర చదివినవారికి ఇవి మూడును వేర్వేరు దారులని తేటపడును.

ధర్మగ్రంథములు ఈ విషయమున అనుకొన్నంత మెత్తనివి కావు. భారతమున అరణ్యపర్వమందు ద్రౌపది, ధర్మరాజు శాంతమును సహింపలేక, ప్రహ్లాదుడు తన మనుమడైన బలికి చేసిన ఉపదేశమును వినిపించును: ఎల్లప్పుడు క్షమించువాడును, ఎల్లప్పుడు దండించువాడును ఇరువురును చెడుదురు, పూర్వము మేలు చేసినవానిని, తెలియక తప్పిన వానిని, మొదటిసారి తప్పినవానిని మన్నింపవచ్చును గాని, తెలిసి చేసి, పట్టుపడినపుడు తెలియక చేసితినని బొంకువాడు స్వల్పదోషమునకైనను క్షమార్హుడు కాడు. మనుస్మృతి పదునొకండవ అధ్యాయము దోషినుండి కోరునది ఇంకను స్పష్టము: పాపమును బయటికి చెప్పుట, పశ్చాత్తాపము, తపస్సు, అధ్యయనము. దానము ఈ వరుసలో చివరిది, అదియు మిగిలినవి చేయలేని ఆపత్కాలమునకు మాత్రమే చెప్పబడినది. ఇట్టి పని మరల చేయనని నివృత్తుడైననే శుద్ధి కలుగునని కూడ అక్కడనే కలదు. ఈ క్రమమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. పోచంపల్లి దగ్గర దానితో పని పడును.

గ్రామములలో వ్యవహారము శాస్త్రమును చూచి నడచినది కాదు. కులపంచాయతిలో పెద్దలు విచారించి తప్పు కట్టించెడివారు. ఆ సొమ్ము తరచు అందరును కూడి త్రాగు కల్లునకే ఖర్చగుచుండెను. కలసి త్రాగిన పిమ్మట దోషి మరల కులములో కలిసినట్లే. కలహము చల్లారుటకు ఇది మంచి ఉపాయమే. అయితే ఆ సొమ్ము కులమునకు చెల్లెను గాని, దెబ్బ తిన్నవానికి అందుట అరుదు. ఇంకొక దారి జైనులది: నాటి నల్లగొండ జిల్లాలోని కొలనుపాక ప్రాచీన జైనక్షేత్రము. జైనులు సంవత్సరమున కొకసారి తెలిసియు తెలియకయు చేసిన తప్పులన్నిటికిని పరస్పరము మన్నింపు కోరుకొందురు. అది అందమైన ఆచారమే గాని, ఏ తప్పునకును పేరు పెట్టనిది గనుక ఘోరమైన అన్యాయమునకు చాలునది కాదు.

ఈ సీమలో క్షమాపణ అను మాటకు పట్టిన దుర్గతి దొరల గడులలో కనబడును. నిజాము పాలనలో దేశ్‌ముఖులు, జాగీరుదారులు, మహబూబునగరము వైపు గద్వాల, వనపర్తివంటి సంస్థానముల అధికారులు పల్లెలను ఏలుచుండ, చాకలి, మంగలి, మాదిగ మొదలగువారు కూలి లేక వెట్టి చేయుచుండిరి. వెట్టికి ఒకపూట రాలేకపోయినవానిని గడికి పిలిపించి, ఎండలో వంగబెట్టి, వీపుమీద బండ నుంచి, దండుగ విధించి, ఆపై “నీ బాంచను దొరా, నీ కాల్మొక్త” అనిపించెడివారు. ఇందు క్షమాపణకు కావలసిన బాహ్యలక్షణము లన్నియు కలవు: వంగిన తల, దీనమైన మాట, సొమ్ము చెల్లింపు. లేనిది దోషమొక్కటే. చెప్పినవాడు చేసిన తప్పు లేదు, చెప్పించుకొన్నవాడే అపరాధి.

1946 జూలై 4వ తేదీన నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడివెండిలో విసునూరు దేశ్‌ముఖు మనుష్యుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించిన పిమ్మట ఈ వ్యవహారము తలక్రిందులయ్యెను. ఆంధ్ర మహాసభ సంఘములు వెట్టిని మాన్పించి, అన్యాయముగా గొన్న దండుగలను కక్కించి, అప్పుపత్రములను తగులబెట్టి, భూములను పంచినవి. అనేకులైన దొరలు నగరమునకు పారిపోయిరి. ఊరిలో మిగిలినవారు సంఘముతో రాజీపడిరి. న్యాయముగా చెప్పవలెనన్న, ప్రాణభీతితో దొర ఇచ్చిన మాటయు, బండక్రింద వెట్టివాడు పలికిన మాటయు స్వేచ్ఛ లేనివే గనుక సాటియే. అయితే ఒక వ్యత్యాసము: దొరల మాటకు పరీక్ష వెంటనే వచ్చెను. 1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదున ప్రవేశించి భయము తొలగగానే, పారిపోయిన దొరలనేకులు తిరిగివచ్చి, పంచిన భూములనుండి రైతులను వెడలగొట్టిరి. భయము పోయిన పిదపకూడ నిలిచినదే పశ్చాత్తాపమని, నిలువనిది లొంగుబాటని చెప్పుటకు ఇంతకన్న మంచి కొలత కనబడదు.

క్షమాభిక్షయు ఆ కాలముననే చర్చకు వచ్చెను. నల్లగొండ జిల్లా ఉద్యమ కార్యకర్తలు పండ్రెండుగురికి హత్యానేరములపై 1949లో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు మరణశిక్ష విధించినవి. ఆంగ్ల న్యాయవాది డి. ఎన్. ప్రిట్ వారి పక్షమున సుప్రీంకోర్టులో వాదించెను. 1951లో న్యాయస్థానము జోక్యమునకు నిరాకరించెను. ప్రజలలో ఆందోళన చెలరేగిన పిదప శిక్షలు యావజ్జీవముగా మారినవి. ప్రభుత్వము ఇక్కడ ప్రాణము దక్కించినదే గాని, ఎవరిని క్షమించినట్లు? హతులైనవారి బంధువులను అడిగినవారు లేరు. ఖైదీలును తాము తప్పు చేసితిమని ఒప్పుకొనలేదు. రాజ్యము శిక్షను తగ్గింపగలదు. నొచ్చినవాని పక్షమున క్షమించుటకు దానికి అధికారము లేదు.

ఇక పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావే ఆ గ్రామమునకు వచ్చి హరిజనవాడ చూడబోయెను. మీకేమి కావలెనని అడుగగా, అక్కడివారు ఎనుబది ఎకరములు, సగము తరి, సగము మెట్ట, చాలుననిరి. ప్రభుత్వమునకు వ్రాయుదునని తలచియు, వినోబా అక్కడ గుమికూడిన గ్రామస్థులవైపు తిరిగి, మీలో నెవరైన ఈయగలరా యని ప్రశ్నించెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరములు ఇత్తుననెను. అడిగినదానికన్న ఇరువది ఎకరములు ఎక్కువ. భూదానోద్యమమునకు అది నాంది.

దీనిని భూస్వామివర్గపు క్షమాపణగా వర్ణించిన వారు కలరు. అంగీకరించుట కష్టము. ఆ సభలో వెట్టినిగూర్చి గాని, దండుగలనుగూర్చి గాని దోషాంగీకారము జరిగినట్లు ప్రసిద్ధ వృత్తాంతములలో లేదు. భూమి తిరిగి ఇచ్చిన బాకీగా గాక దానముగా వచ్చెను; బాకీ పుచ్చుకొన్నవాడు తలయెత్తి నిలుచును, దానము పుచ్చుకొన్నవాడు దాతకు ఋణపడును. మనువు చెప్పిన క్రమములో మొదటిదైన ఖ్యాపనము విడిచి, కడపటిదైన దానమునకు దుముకుట ఇది. వినోబాకు ఈ లోపము తెలియకపోలేదనుకొందును. తరువాతి పాదయాత్రలలో తన్ను ఆరవ కుమారునిగా నెంచి ఆరవ భాగము పంచుడని భూస్వాముల నడుగుట దానమును దాయభాగముగా మార్చు ప్రయత్నమే. అయినను నోటిమాట క్షమాపణకన్న నూరెకరములు మేలే: ఇచ్చినవానికి నష్టము కలిగెను, తీసికొన్నవానికి గింజలు పండెను.

దొరలు క్షమార్హులా అను ప్రశ్నకు ప్రహ్లాదుని కొలత ప్రకారము సమాధానము కఠినము. అది తెలియక చేసినది కాదు, మొదటిసారియు కాదు. అర్హత లేనివానినైనను క్షమించు స్వాతంత్ర్యము నొచ్చినవానికి కలదు. క్షమింపలేదని వానిని నిందించు హక్కు మాత్రము ఇతరులకు లేదు.

భూదానపు తదుపరి చరిత్ర వేరొక పరీక్ష. ఆంధ్రప్రదేశమున 1965లో భూదాన, గ్రామదాన చట్టము వచ్చి, భూములు యజ్ఞబోర్డు పాలనకు లోబడెను. సభలో ప్రకటించిన భూములలో కొన్ని రాళ్ళ నేలలు, కొన్ని తగవులలో నున్నవి. కొన్నిటికి హద్దులు కొలిచి, పట్టా చేతికిచ్చి, నాగలి దింపించు పని ఏండ్లు గడచినను సాగలేదు.