బంగారు నగల మరకలు: నలుపు, చిలుము, స్వచ్ఛత

బంగారు నగ ఒంటికి తగిలిన చోట నల్లటి చార గానీ ఆకుపచ్చ మరక గానీ ఏర్పడటానికి రెండు వేర్వేరు కారణాలున్నాయి. మొదటిది రాపిడి: నగ అరిగి, ఆ పొడి చర్మానికి అంటుకోవడం. రెండోది రసాయన చర్య: బంగారంలో కలిపిన రాగి, వెండి చెమటతో కలిసి లవణాలుగా మారడం. మొదటి దానికి స్వచ్ఛతతో సంబంధం లేదు. రెండో దానికి చాలా ఉంది. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లే అసలైన నగ మీద అనుమానం, నాసిరకం నగ మీద నమ్మకం రెండూ కలుగుతుంటాయి. మరక పడితే ఒంట్లో వేడి ఎక్కువైందనీ, రక్తం తక్కువైందనీ అనడం కూడా వాడుకలో ఉంది. మరకను చూసి అలా తేల్చడానికి ఆధారం లేదు.

నల్ల చారల్లో చాలావాటికి మూలం ముఖానికీ మెడకూ రాసుకునే పౌడర్లు, క్రీములు. వీటిలో చాలావాటిలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉంటాయి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో బంగారం 2.5 దగ్గర ఉంటే, జింక్ ఆక్సైడ్ 4కు పైన, టైటానియం డయాక్సైడ్ 5.5కు పైన ఉంటాయి. అంటే పౌడరు రాసుకున్న మెడ మీద గొలుసు కదిలిన ప్రతిసారీ గట్టి రేణువులు మెత్తటి లోహాన్ని గీరుతుంటాయి. రాలిన పొడి బంగారు రంగులో కనపడదు. నునుపైన లోహపు ఉపరితలం కాంతిని తిప్పికొడుతుంది కాబట్టి మెరుస్తుంది. అదే లోహం సన్నటి పొడిగా మారితే కాంతి రేణువుల మధ్య చిక్కుకుపోయి నల్లగా కనిపిస్తుంది. మేలిమి బంగారానికీ ఇదే జరుగుతుంది. పైగా అది 22 క్యారట్ల బంగారం కన్నా మెత్తన కాబట్టి ఇంకా తేలిగ్గా అరుగుతుంది. ఈ రకం మరకను చూసి నగలో కల్తీ ఉందనుకోవడం పొరపాటు.

కొత్త నగకు ఇంకో కారణం ఉండొచ్చు. మెరుగు పెట్టేటప్పుడు వాడిన పాలిష్ ముద్ద గొలుసు కడియాల సందుల్లో మిగిలిపోయి, మొదటి రోజుల్లో చెమటకు కరిగి నల్లగా అంటుతుంది. గోరువెచ్చటి సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగితే ఇది పోతుంది, మళ్లీ రాదు.

రసాయన చర్య సంగతి వేరు. బంగారం చెమటకు లొంగదు; గాలికీ, ఉప్పుకూ, మామూలు ఆమ్లాలకూ లొంగదు. కానీ మేలిమి బంగారంతో నగ చేస్తే వంగిపోతుంది కాబట్టి అందులో రాగి, వెండి కలుపుతారు. 22 క్యారట్ల నగలో నూటికి 91.6 పాళ్లు బంగారం, మిగతా 8.4 పాళ్లు ఈ లోహాలు. చెమటలో ఉప్పు, లాక్టిక్ ఆమ్లం ఉంటాయి. గాలిలోనూ, కొన్ని మందుల్లోనూ, ఉల్లిపాయ, కోడిగుడ్డు వంటి ఆహార పదార్థాల్లోనూ గంధక సమ్మేళనాలుంటాయి. గంధకం వెండితో కలిస్తే నల్లటి వెండి సల్ఫైడ్ అవుతుంది. రాగి సల్ఫైడ్ కూడా నలుపే. ఉప్పు, ఆమ్లాలు, చర్మం మీది కొవ్వు రాగితో కలిస్తే ఆకుపచ్చ, నీలి ఛాయల లవణాలు తయారవుతాయి. రాగి చెంబుకు పట్టే చిలుము ఈ కుటుంబానిదే. కాబట్టి చర్మం మీద పచ్చటి మరక పడిందంటే అక్కడ రాగి కరిగిందని నిస్సందేహంగా చెప్పవచ్చు. బంగారం నుంచి ఆ రంగు రాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. 22 క్యారట్లలోనూ రాగి ఉంది కదా, మరి అన్ని 22 క్యారట్ల నగలూ ఎందుకు పచ్చ మరక పెట్టవు? జవాబు పరమాణువుల లెక్కలో ఉంది. మిశ్రమ లోహంలో రాగి పరమాణువు చుట్టూ బంగారు పరమాణువులే ఎక్కువగా ఉంటే, పైపొరలోని రాగి కాస్త కరిగాక లోపలి రాగికి బయటికి దారి దొరకదు. చర్య అక్కడితో ఆగిపోతుంది. బంగారు పరమాణువులు సుమారు సగం ఉన్నచోట ఈ రక్షణ మొదలవుతుందని 20వ శతాబ్దపు తొలి దశకాల్లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త గుస్తావ్ టామన్ చూపించాడు.

బరువుల్ని పరమాణువుల్లోకి మారిస్తే విషయం తేటపడుతుంది. బంగారు పరమాణువు రాగి పరమాణువు కన్నా మూడు రెట్లకు పైగా బరువైనది. అందుకే కలిపిన లోహం అంతా రాగే అనుకుంటే, 22 క్యారట్లలో నూటికి సుమారు 78 పరమాణువులు బంగారానివి, రక్షణ గట్టిది. 18 క్యారట్లలో బరువు ప్రకారం మూడు వంతులు బంగారమే అయినా పరమాణువుల లెక్కన సుమారు 49 మాత్రమే, అంటే సరిగ్గా అంచున నిలబడింది. 14 క్యారట్లకు ఆ సంఖ్య 31కి, 9 క్యారట్లకు 16కి పడిపోతుంది. రాగికి బదులు కొంత వెండి వేస్తే ఈ అంకెలు కాస్త పెరుగుతాయి. 14, 9 క్యారట్ల ఉంగరాలు చెమట పట్టే చేతికి మరక పెట్టడం అందుకే మామూలు. అందులో మోసం ఏమీ లేదు. ఆ క్యారట్ల స్వభావమే అంత. అదే మరక 22 క్యారట్లని చెప్పి అమ్మిన గొలుసు నుంచి, గొలుసు పొడవునా, రోజూ వస్తుంటే మాత్రం సందేహించాల్సిందే.

గొలుసు పొడవునా అనడానికి కారణం ఉంది. మంచి నగలో కూడా బలహీనమైన చోట్లుంటాయి. కడియాలు, కొక్కెం అతికే టంకం నగ కన్నా ముందే కరగాలి కాబట్టి అందులో రాగి, వెండి, జింక్ పాళ్లు వేరుగా ఉంటాయి. కొక్కెం లోపలి స్ప్రింగు అసలు బంగారమే కాకపోవచ్చు. మరక మెడ వెనక కొక్కెం దగ్గర మాత్రమే పడితే తప్పు టంకానిదో స్ప్రింగుదో అవుతుంది. ఉంగరం కింద మాత్రమే పడితే, అక్కడ సబ్బు, నీరు, చెమట ఆరకుండా నిలిచిపోతున్నాయని కూడా అర్థం కావచ్చు.

దీనికి ఎదురు మోసం కూడా ఉంది. తక్కువ క్యారట్ల నగ కొన్ని నెలల పాటు ఏ మరకా పెట్టకపోవచ్చు. తయారీలో నగను కాల్చి, పలచని ఆమ్లంలో ముంచి శుభ్రం చేసినప్పుడు పైపొరలోని రాగి కరిగిపోయి, అక్కడ బంగారం పాలు పెరుగుతుంది. వాడగా వాడగా ఆ పొర అరిగాక అసలు లోహం చెమటకు తగులుతుంది. పూత నగల్లో ఇది మరీ స్పష్టం. మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడి పేరుతో తెలుగువాళ్లకు పరిచయమైన రోల్డ్ గోల్డ్ నగలు, ఇప్పుడు వన్ గ్రామ్ గోల్డ్ పేరిట అమ్ముతున్నవి, రాగి మీదో ఇత్తడి మీదో పలచగా బంగారం ఎక్కించినవి. పూత ఉన్నంతకాలం అవి శుభ్రంగానే ఉంటాయి. మెడకు రాసుకునే చోట పూత పోగానే చిలుము మొదలవుతుంది. మరక లేకపోవడం స్వచ్ఛతకు సాక్ష్యం కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఒక నగ మరక పెడుతున్నప్పుడు కారణాన్ని ఇంట్లోనే చాలావరకు విడదీయవచ్చు. ముందు నగను సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. మెడను కూడా కడిగి, నాలుగైదు రోజులు పౌడరు, క్రీము, సన్‌స్క్రీన్ లేకుండా నగను వేసుకోవాలి. నల్ల చార మాయమై, పౌడరు రాసుకున్న రోజే తిరిగి వస్తే అది రాపిడి వల్ల రాలిన పొడి. తడి దూదితో తుడిస్తే తేలిగ్గా పోతుంది కూడా. పౌడరు లేకపోయినా చెమట పట్టిన రోజున మరక వస్తే, రంగు పచ్చగా ఉంటే, నగ సైతం కళ తప్పుతుంటే అది రసాయన చర్య. మరక శుభ్రం చేయడానికి టూత్‌పేస్టుతో తోమడం మంచిది కాదు. అందులోని గట్టి రేణువులు కూడా బంగారాన్ని అరగదీస్తాయి. చర్మం ఎర్రబడి దురద పెడితే అది మరకల సంగతి కాదు, తరచుగా నికెల్ వల్ల వచ్చే ఎలర్జీ. దానికి చర్మవైద్యుడిని చూడాలి.

మరక సందేహం పుట్టించగలదు గానీ క్యారట్ చెప్పలేదు. అది తేల్చడానికి మూడు పద్ధతులున్నాయి. గీటురాయి మీద నగతో గీసి ఆమ్లం చుక్క వేస్తే తక్కువ క్యారట్ల గీత చెదిరిపోతుంది. చేయి తిరిగిన కంసాలి స్థూలంగా తేడా పట్టగలడు. దుకాణాల్లోని క్యారట్ మీటర్ ఎక్స్‌ కిరణాలతో క్షణాల్లో అంకె చూపిస్తుంది, అయితే అది చూసేది పైనున్న కొద్ది మైక్రాన్ల మందాన్నే. మందంగా పూత పూసిన నగ దాన్ని మోసగించగలదు. చివరి మాట అగ్ని పరీక్షదే. నగ నుంచి గీరి తీసిన కొద్దిపాటి లోహాన్ని తూచి, వెండి, సీసం కలిపి కొలిమిలో కరిగిస్తారు. సీసం రాగిని తీసుకుని పోతుంది. మిగిలిన బంగారు, వెండి పూసను నత్రికామ్లంలో ఉడికిస్తే వెండి కరిగి బంగారం ఒక్కటే మిగులుతుంది. దాన్ని మళ్లీ తూస్తారు. ఇందులో వెండిని బంగారానికి రెండు రెట్లకు మించి ఎందుకు కలుపుతారంటే, బంగారం పాలు ఎక్కువైతే అది వెండిని కాపాడేస్తుంది, ఆమ్లం పని చేయదు. 22 క్యారట్ల నగను చెమట నుంచి కాపాడేదీ ఈ గుణమే.

భారతదేశంలో 2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగలను దుకాణాల్లో అమ్మకూడదు. నగ మీద బీఐఎస్ ముద్ర, 22K916 వంటి స్వచ్ఛత గుర్తు, ఈ హెచ్‌యూఐడీ మూడూ ఉండాలి. BIS Care యాప్‌లో ఆ సంఖ్య కొడితే వచ్చే వివరాలు చేతిలోని నగతో సరిపోలాలి. సరిపోలినా సందేహం తీరకపోతే, కొనుగోలుదారు బీఐఎస్ గుర్తింపు పొందిన పరీక్ష కేంద్రానికి నగను తీసుకెళ్లి, రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు.

ఉదాహరణకు 22 క్యారట్లుగా అమ్మిన 20 గ్రాముల గొలుసు పరీక్షలో 20 క్యారట్లని తేలిందనుకుందాం. ముద్ర ప్రకారం అందులో 18.32 గ్రాముల బంగారం ఉండాలి, ఉన్నది 16.66 గ్రాములు. లోటు 1.66 గ్రాములు. హాల్‌మార్క్ చేసిన నగలో స్వచ్ఛత తగ్గితే, 2018 నాటి బీఐఎస్ నియమాల ప్రకారం ఆ లోటు విలువకు రెండింతలు, దాంతోపాటు పరీక్ష ఖర్చు కొనుగోలుదారుకు పరిహారంగా రావాలి. అందుకు నగల బిల్లు భద్రంగా ఉండాలి.