ఒప్పుకోలు కాగితం: ఖమ్మం టీకా కథ

2009 జులైలో, అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గార్డసిల్ అనే టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను అడ్డుకోవడానికి వేసే టీకా అది. ఆరు నెలల్లో మూడు సూదులు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పని. సుమారు 14 వేల మంది పిల్లలు అందులో ఉన్నారు. వారిలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే మన పిల్లలు చాలామంది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ రేగి, 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ చావులకు టీకా కారణమని విచారణ సంఘం తేల్చలేదు. మేమిక్కడ మాట్లాడేది చావుల గురించి కాదు, కాగితం గురించి.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఆ కాగితాల లెక్క ఉంది. మన రాష్ట్రంలో చూసిన 9,543 ఒప్పుకోలు పత్రాల్లో 1,948 వేలిముద్రలవి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. తల్లి కోయగూడెంలో ఉంటే, ఒప్పుకోలు హాస్టల్ ఆఫీసులో అయిపోయిందన్నమాట. లైసెన్సు ఉన్న టీకా కాబట్టి ఇది ట్రయల్ కాదని పాత్ అంది. ట్రయలేనని స్థాయీ సంఘం అంది. గూడెంలో ఆ రెండు మాటలకీ తేడా ఎవరు చెప్పారు? చూసేవాళ్లకు అది ఎప్పుడూ వేసే సర్కారు సూదిలాగే కనిపించింది.

తల్లే సంతకం పెట్టాల్సి వచ్చినా, ఆమె చేతికి ఎలాంటి కాగితం ఇవ్వాలి? కోయకు మన బడుల్లో నేర్పే లిపి లేదు. కాగితం తెలుగులో ఉంటుంది, ఎవరో ఒకరు దాన్ని కోయలో చెబుతారు. కాబట్టి తెలుగు కాగితమే నోటితో మార్చి చెప్పడానికి వీలుగా ఉండాలి. ఆఫీసు తెలుగు అందుకు పనికిరాదు. మేమే ఒక నమూనా వాక్యం రాసి చూస్తాం: "సదరు బాలికలకు టీకా ఇవ్వబడును. పాల్గొనుట స్వచ్ఛందము. స్వల్ప జ్వరము రావచ్చును."

మొదటి వాక్యంలో ఎవరు ఇస్తారో లేదు. కోయలో చెప్పేవాడు దాన్ని పూరించుకోవాలి, "సర్కారోళ్లు" అని పూరిస్తాడు. అక్కడితో కాగితం అబద్ధమైపోతుంది. "ఫలానా సంస్థ నర్సు మీ పాపకు సూది వేస్తుంది" అని రాస్తే ఆ చిక్కు లేదు.

"స్వచ్ఛందము" ఇంకా కష్టం. ఆ మాటకు ఒక్క మాట వెతక్కూడదు, జరిగేది చెప్పాలి: "మీరు సరే అనవచ్చు, వద్దనవచ్చు. వద్దన్నా పాపను హాస్టల్ నుంచి పంపించరు. మొదటి సూది తర్వాత కూడా వద్దనవచ్చు." తల్లి భయం ఎక్కడుందో వాక్యం అక్కడికి వెళ్లాలి. హాస్టల్ సీటు సంగతి చెప్పకపోతే మిగతాదంతా చెప్పినా లాభం లేదు.

"రావచ్చును" మోసపు మాట. తెలుగులో "లోపలికి రావచ్చు" అంటే అనుమతి, "వాన రావచ్చు" అంటే అనుమానం. "కొందరికి జ్వరం వస్తుంది, కొందరికి రాదు" అంటే రెండో అర్థానికి చోటుండదు. "మేము", "మనం" విషయమూ అంతే. కోయలోనూ ఆ తేడా ఉంది. "మనం ఈ టీకాను పరిశీలిస్తున్నాం" అని రాస్తే వినే తల్లి కూడా పరిశీలించేవాళ్లలో చేరిపోతుంది. డాక్టర్లు చూస్తున్నారు, వాళ్లు చూస్తున్నది తన బిడ్డను అని ఆమెకు తెలియాలి.

వదలకూడని సంగతి ఇంకొకటి. ఈ టీకా అన్ని రకాల వైరస్‌లనూ ఆపదు. ఆ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమైన రెండు రకాలను ఆపుతుంది. "క్యాన్సర్ రాదు" అని కోయలో చెప్పేస్తే పెద్దయ్యాక చేయించుకోవాల్సిన పరీక్షకు పిల్ల వెళ్లదు.

కాగితం బాగుందో లేదో తెలుసుకునే పద్ధతి పాతదే. ఒకరు తెలుగు చదివి కోయలో చెబుతారు. తెలుగు కాగితం చూడని మరొకరు ఆ కోయ విని తిరిగి తెలుగులో చెబుతారు. రెండు తెలుగులూ పక్కపక్కన పెట్టి చూడాలి. "స్వచ్ఛందము" వెళ్లి "తప్పకుండా వేయించుకోవాలి" అయి తిరిగొస్తే, తప్పు చెప్పినవాడిది కాదు, కాగితానిది. ఆ వాక్యం మార్చి మళ్లీ మొదలుపెట్టాలి. ఆఖరున తల్లిని "అర్థమైందా" అని అడగకూడదు. మన గూడేల్లో ఆఫీసరు అడిగితే అందరూ "ఆఁ" అంటారు. "వద్దంటే ఏమవుతుందో చెప్పమ్మా" అని అడగాలి.

చదువురాని వాళ్లు వేలిముద్ర వేసేటప్పుడు, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరిదాకా పక్కనుండాలని ఇప్పటి నియమాలు చెబుతున్నాయి. ఆ సాక్షి కోయ తెలిసినవాడై ఉండాలి, లేకపోతే అతను సాక్ష్యం చెప్పేది వేలిముద్రకే. వార్డెన్ గానీ, మాలాంటి టీచర్లు గానీ ఆ చోట కూర్చోకూడదు. మా ముందు ఏ తల్లీ వద్దనలేదు.